చేతులు మారిన ఎక్స్‌టెన్షన్

అమిత్ అగర్వాల్ మన దేశంలో పేరున్న టెక్నాలజీ రచయిత. ఫీడ్లీ అనే వార్తల సేవ వాడేవాళ్ల కోసం ఆయన ఒకప్పుడు క్రోమ్ బ్రౌజర్‌కి చిన్న ఎక్స్‌టెన్షన్ తయారు చేశారు. గంట పనే అయినా 30 వేల మందికి పైగా దాన్ని వాడటం మొదలుపెట్టారు. ముక్కూ ముఖం తెలియని ఒకరు నాలుగంకెల డాలర్లు ఇస్తామంటే ఆయన అమ్మేశారు. నెల తిరిగేసరికి కొత్త యజమానులు ఒక అప్‌డేట్ పంపారు. అప్పటి నుంచి వాడుకరులు ఏ సైటు తెరిచినా అందులోని లింకులు వెనకనుంచి మారిపోయి, ఎవరికో కమీషన్ తెచ్చిపెట్టే లింకులయ్యాయి. అమ్మడం తప్పు నిర్ణయమని 2014 జనవరిలో అగర్వాలే బహిరంగంగా రాశారు. గూగుల్ ఆ ఎక్స్‌టెన్షన్‌ని తన స్టోర్ నుంచి తీసేసింది.

బ్రౌజర్ దానంతటదే వింత పేజీలకు పోతోందంటే చాలామంది నిన్నో మొన్నో నొక్కిన లింకుని తలుచుకుంటారు. కారణం రెండేళ్ల కిందట ఇష్టపడి పెట్టుకున్న ఎక్స్‌టెన్షనే కావచ్చు. గ్రేట్ సస్పెండర్ కథా ఇలాంటిదే. వాడకంలో లేని ట్యాబ్‌లను నిద్రపుచ్చి మెమరీ ఆదా చేసే ఆ ఎక్స్‌టెన్షన్‌ని 20 లక్షల మందికి పైగా నమ్మారు. 2020లో అది చేతులు మారింది. 2021 ఫిబ్రవరిలో మాల్‌వేర్ ఉందంటూ గూగుల్ దాన్ని వాడుకరుల బ్రౌజర్లలోనే ఆపేసింది.

ఇది సాధ్యపడటానికి మూలం మొదటి రోజు మనం ఇచ్చే అనుమతిలో ఉంది. చాలా ఎక్స్‌టెన్షన్లు ఎక్కేటప్పుడే అన్ని వెబ్‌సైట్లలోని సమాచారాన్ని చదివే, మార్చే హక్కు అడుగుతాయి. ప్రకటనలను ఆపేదానికీ, పేజీని అనువదించేదానికీ ఆ హక్కు నిజంగానే అవసరం. తర్వాతి అప్‌డేట్ ఇంకా పెద్ద హక్కు కోరితే క్రోమ్ ఆ ఎక్స్‌టెన్షన్‌ని ఆపి, వాడుకరి ఒప్పుకునేదాకా ఆగుతుంది. కానీ అవసరమైన హక్కంతా ముందే చేతిలో ఉంటే అడగాల్సిన పనే లేదు. యజమాని మారినా, లోపలి కోడ్ మారినా అప్‌డేట్ చడీచప్పుడు లేకుండా దిగిపోతుంది.

ఈ బెడద ఇళ్లలో తరచూ కనిపించే తీరులో ఒక లాప్‌టాప్‌ని ఊహించుకుందాం. ఇంట్లో ఎవరో పీడీఎఫ్ మార్చుకోవడానికి ఎప్పుడో ఒక ఎక్స్‌టెన్షన్ పెట్టుకున్నారు. ఇప్పుడు అడ్రస్ బార్‌లో ‘టెట్ హాల్‌టికెట్’ అని కొడితే గూగుల్ రావడం లేదు. ఎవరూ వినని పేరున్న సైటు ఒకటి క్షణం పాటు మెరిసి, ఆ తర్వాత వేరే సెర్చ్ ఇంజన్ ఫలితాలు తెరుచుకుంటున్నాయి. ఆ మెరిసిన సైటే దళారి. వెతుకులాటని తన మీదుగా మళ్లించి, ఫలితాల పక్కనుండే ప్రకటనల ఆదాయంలో వాటా కొట్టేస్తుంది. దీనికి తోడు స్క్రీన్ మూలన గంటకోసారి ‘మీ కంప్యూటర్‌లో వైరస్‌లున్నాయి’ అనే హెచ్చరిక దూకుతోంది.

ఈ రెండూ ఒకే రోగంలా కనిపిస్తాయి గానీ వేర్లు వేరు. మూలన దూకేవాటికి చాలాసార్లు ఎక్స్‌టెన్షన్‌తో సంబంధం ఉండదు. ఏదో సినిమా సైటు ‘మీరు రోబో కాదని నిరూపించుకోవడానికి Allow నొక్కండి’ అని అడిగితే నొక్కిన ఫలితం అది. ఆ నొక్కుడుతో నోటిఫికేషన్లు పంపే అనుమతి ఇచ్చినట్టయింది. హెచ్చరికను జాగ్రత్తగా చూస్తే అక్షరాల దగ్గరే పంపిన సైటు పేరు చిన్నగా కనిపిస్తుంది. అడ్రస్ బార్‌లో ఇలా టైపు చేస్తే అనుమతి పొందిన సైట్ల జాబితా వస్తుంది:

```
chrome://settings/content/notifications
```

తెలియని ప్రతి పేరు పక్కనా మూడు చుక్కలు నొక్కి బ్లాక్ చేస్తే మూలన దూకుడు ఆగుతుంది. ఆ హెచ్చరికలో ఇచ్చిన నంబరుకు మాత్రం ఫోన్ చేయకూడదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లోని క్రోమ్‌కి అసలు ఎక్స్‌టెన్షన్లే ఉండవు. అక్కడ బెడదకి చాలావరకు ఈ నోటిఫికేషన్ అనుమతో, మరో యాపో కారణం.

ఇక సెర్చ్ దారి మళ్లడం. ముందు ఇన్‌కాగ్నిటో విండో తెరిచి అదే మాట వెతకాలి. ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప అందులో ఎక్స్‌టెన్షన్లు పనిచేయవు. అక్కడ గూగుల్ మామూలుగా వస్తే అనుమానం వాటి మీదికే పోతుంది. అప్పుడు chrome://extensions పేజీలో అన్నిటి స్విచ్‌లూ ఆపి, బ్రౌజర్ మూసి తెరవాలి. బెడద పోతే ఒక్కోదాన్నే ఆన్ చేస్తూ, ఒక్కోసారీ సెర్చ్ చేసి చూడాలి. మన లాప్‌టాప్‌లో పీడీఎఫ్‌ది ఆన్ చేయగానే దళారి సైటు మళ్లీ మెరిసింది. chrome://settings/search పేజీలో కూడా, ఈ సెట్టింగ్‌ని ఫలానా ఎక్స్‌టెన్షన్ నడిపిస్తోందని క్రోమే రాసి చూపుతుంది. ఇన్‌కాగ్నిటోలోనూ అదే తంతు జరిగితే సెట్టింగో, విండోస్‌లో ఎక్కిన ప్రోగ్రామో కారణం కావచ్చు. ఇంట్లో ఫోన్లతో సహా అన్నీ ఒకే వైఫై మీద దారి తప్పుతుంటే రూటర్ని చూడాలి.

దొరికినదాన్ని ఆపి వదిలేయకుండా Remove నొక్కి పూర్తిగా తీసేయాలి. ఇక్కడే కొందరు చిక్కుకుంటారు. బటన్ పనిచేయదు, లేదా తీసిన మర్నాడే అది తిరిగొస్తుంది. తిరిగిరావడానికి ఒక కారణం సింక్. అదే గూగుల్ ఖాతాతో నడిచే మరో కంప్యూటర్లో అది ఉండిపోతే అక్కడి నుంచి మళ్లీ ఇక్కడికి దిగొచ్చు. కాబట్టి రెండుచోట్లా తీయాలి.

బటన్ పనిచేయకపోతే క్రోమ్ మెనూ అడుగున ‘Managed by your organization’ అని ఉందేమో చూడాలి. ఆఫీసు లాప్‌టాప్‌లో ఆ మాట సహజమే, దాన్ని కదపకూడదు. ఇంటి కంప్యూటర్లో కనిపిస్తే ఏదో ప్రోగ్రాం తనే యజమాని పాత్ర వేసిందన్నమాట. కొన్ని యాంటీవైరస్‌లూ ఈ పని చేస్తాయి కాబట్టి చూడగానే హడలిపోనక్కర్లేదు. chrome://policy పేజీలో `ExtensionInstallForcelist` అనే వరుస, దాని కింద ఆ ఎక్స్‌టెన్షన్ గుర్తింపు అక్షరాలు ఉంటే అది బలవంతంగా పెట్టినదే. దాన్ని పెట్టిన ప్రోగ్రాం లోపలే ఉన్నంతకాలం బ్రౌజర్‌లో ఎంత తుడిచినా లాభం ఉండదు. విండోస్ సెట్టింగ్స్‌లో ప్రోగ్రాంల జాబితాని ఎక్కించిన తేదీ ప్రకారం అమర్చి, బెడద మొదలైన రోజుల్లో చేరిన తెలియనివాటిని తొలగించాలి. ఆపైన మాల్‌వేర్‌బైట్స్ వారి ఉచిత యాడ్‌డబ్ల్యూక్లీనర్‌తో ఒకసారి వెతికిస్తే రిజిస్ట్రీలో మిగిలినవి కూడా చాలావరకు పోతాయి. పోకపోతే రిజిస్ట్రీని సొంతంగా కెలకకుండా తెలిసినవాళ్ల చేత చేయించుకోవడం మేలు.

ఆఖరున క్రోమ్ సెట్టింగ్స్‌లోని రీసెట్ వాడుకోవచ్చు. మొదటి పేజీ, సెర్చ్ ఇంజన్ పాత స్థితికి వస్తాయి, ఎక్స్‌టెన్షన్లు ఆగిపోతాయి. బుక్‌మార్కులు, దాచుకున్న పాస్‌వర్డ్‌లు చెక్కుచెదరవు. కుకీలు పోతాయి గనుక సైట్లలో మళ్లీ లాగిన్ కావాలి.

సెర్చ్ సరిగా రాగానే పని అయిపోయిందనుకునేవాళ్లే ఎక్కువ. పేజీని మార్చగలిగిన ఎక్స్‌టెన్షన్ ఆ పేజీలో టైపు చేసిన పాస్‌వర్డ్‌ని చదవగలదు కూడా. అందుకని శుభ్రం చేశాక ముందు ఈమెయిల్, తర్వాత బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చి, మిగతా పరికరాలన్నిటి నుంచీ లాగౌట్ చేయించాలి. ఖాతాలోంచి డబ్బు పోయినట్టు తేలితే వెంటనే 1930కి ఫోన్ చేసి, cybercrime.gov.in లో ఫిర్యాదు నమోదు చేయాలి.