సంతకానికి ముందు మూడు క్లాజులు

హైదరాబాద్‌లో 500 గజాల పాత ఇంటిస్థలం ఉన్న రిటైర్డ్ ఉపాధ్యాయుడు ఒకాయన ఉన్నారనుకుందాం. స్థలాన్ని డెవలప్‌మెంటుకు ఇస్తున్నారు. స్టిల్టు మీద ఐదంతస్తులు, పది ఫ్లాట్లు, చెరి సగం. బిల్డరు పంపిన డ్రాఫ్టు ముప్పై పేజీలు. ఆయన దాన్ని లాయరుకు పంపి, “ఒకసారి చూడండి సార్” అన్నారు.

అనుభవమున్న లాయరు ముప్పై పేజీలకూ వ్యాఖ్యానం రాయరు. రాస్తే క్లయింటు చదవరు. ఒక చిన్న ఈమెయిల్ రాస్తారు: “తేల్చుకోకుండా సంతకం చేయకూడని క్లాజులు మూడు. ఒక్కోదాని కింద బిల్డరును అడగాల్సిన ప్రశ్నలు రాశాను.” ఆ మూడింటిని ఎంచడంలోనే లాయరు పనితనం ఉంది. గొడవ వస్తే ఆర్బిట్రేటరును బిల్డరే నియమిస్తాడన్న క్లాజు చూసి క్లయింటు కంగారుపడతారు. కానీ వివాదంతో సంబంధమున్న పక్షం తానొక్కటే ఆర్బిట్రేటరును నియమించకూడదని సుప్రీంకోర్టు 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో చెప్పింది. దాన్ని మార్చమని అడగాల్సిందే, అయితే మొదటి మూడింటిలో అది రాదు.

మొదట వచ్చేది జీపీఏ. మన దగ్గర ఈ ఒప్పందాన్ని సాధారణంగా ‘డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ కమ్ జీపీఏ’గా రిజిస్టర్ చేయిస్తారు. ఈ డ్రాఫ్టులో “షెడ్యూల్ ఆస్తిని అమ్మడానికి, తనఖా పెట్టడానికి బిల్డరుకు రద్దు చేయరాని అధికారం” అని ఉంది. షెడ్యూల్ ఆస్తి అంటే మొత్తం స్థలం, బిల్డరు సగం మాత్రమే కాదు. పైగా ఆ అధికారం మొదటి రోజు నుంచే అమల్లోకి వస్తుంది. నచ్చకపోతే జీపీఏ రద్దు చేసుకోవచ్చులే అనుకుంటే పొరపాటు. ఆ ఆస్తిలో ఏజెంటుకు సొంత ప్రయోజనం ఉంటే, దానికి నష్టం కలిగేలా ఏజెన్సీని రద్దు చేయడం కుదరదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 202వ సెక్షన్ చెబుతోంది. స్థలం మీద డబ్బు పెట్టిన బిల్డరు ఈ సెక్షన్‌నే ఆసరా చేసుకుంటాడు.

అందుకే లాయరు ఇలా రాస్తారు: “అమ్మకం అధికారాన్ని ఫ్లాట్ నంబర్లతో సహా మీ వాటాకే పరిమితం చేస్తారా? ఐదు ఫ్లాట్లనూ ఒకేసారి కాకుండా, శ్లాబులు పడేకొద్దీ ఒక్కొక్కటీ అమ్ముకునేలా రాస్తారా? యజమాని వాటా మీద అప్పు తేబోమని ఒప్పుకుంటారా?” మొదటి ప్రశ్నకు బిల్డర్లు తేలిగ్గానే సరేనంటారు. రెండోదానికి మొహం మాడ్చుకుంటారు, ఎందుకంటే ముందస్తు అమ్మకాల డబ్బుతోనే చాలామంది పని నడుపుతారు. అసలు బేరం జరగాల్సింది అక్కడే.

రెండోది గడువు. “అనుమతులు వచ్చిన నాటి నుంచి 24 నెలలు, మరో ఆరు నెలలు గ్రేస్” అని ఉంది. అనుమతికి ఎప్పటిలోగా దరఖాస్తు చేయాలో ఎక్కడా లేదు. అంటే గడియారం ఎప్పుడు మొదలుపెట్టాలో బిల్డరు ఇష్టం. ఆలస్యమైతే చదరపు అడుగుకు నెలకు 5 రూపాయలు ఇస్తారట. 1,200 అడుగుల ఫ్లాట్లు ఐదంటే 6,000 అడుగులు, నెలకు 30 వేలు. అవే ఫ్లాట్లకు పాతిక వేల చొప్పున అద్దె వస్తుందనుకుంటే లక్షా పాతిక వేలు. ఒప్పందంలో రాసుకున్న పరిహారమే గరిష్ఠ పరిమితి అని అదే చట్టం 74వ సెక్షన్ అంటుంది కాబట్టి తక్కువ అంకె రాసుకున్నాక కోర్టులో ఎక్కువ అడగడం కష్టం. ప్రశ్నలు రెండే. దరఖాస్తుకు తేదీ రాస్తారా? పరిహారాన్ని అక్కడి అద్దెతో ముడిపెడతారా?

మూడోది పైకి అమాయకంగా కనిపిస్తుంది: “ఎవరికి ఏ ఫ్లాటో తర్వాత సప్లిమెంటరీ డీడ్ ద్వారా పరస్పర అంగీకారంతో నిర్ణయించుకోవాలి.” అంగీకారం కుదరకపోతే? దానికి సమాధానం లేదు. ఇందులోనే ఇంకో చిక్కుంది. తెలంగాణలో ఇలాంటి భవనాలకు అనుమతి ఇచ్చేటప్పుడు 10 శాతం నిర్మాణాన్ని మున్సిపల్ సంస్థకు తనఖా పెట్టించుకుంటారు, ఓసీ వచ్చాకే విడుదల చేస్తారు. పది ఫ్లాట్లలో పది శాతమంటే ఒక ఫ్లాటు. బిల్డరు ప్లానుకు మించి కట్టి ఓసీ రాకపోతే ఆ ఫ్లాటు అలాగే ఇరుక్కుంటుంది. “తనఖా పెట్టే ఫ్లాటు మీ వాటాలోంచే ఇస్తారా? ప్లాను ఇప్పుడే జతచేసి, మా ఫ్లాట్లు రంగు వేసి చూపిస్తారా?”

ఇలాంటి స్థల యజమాని కూడా బిల్డరు మీద వినియోగదారుడిగా ఫిర్యాదు చేయవచ్చని సుప్రీంకోర్టు 2008లో ఫకీర్ చంద్ గులాటీ కేసులో తేల్చింది. కానీ అది సంతకం అయిపోయాక, ఇల్లు సరిగా కట్టనప్పుడు వెతుక్కునే దారి.

ఈమెయిల్ చివర్లో లాయరు ఒక మాట తప్పక రాస్తారు. ఈ ప్రశ్నలకు బిల్డరు ఫోన్లో “అలాగే సార్, చేద్దాం” అంటే సరిపోదు. రాతపూర్వక ఒప్పందంలోని షరతుకు విరుద్ధంగా నోటిమాట సాక్ష్యాన్ని కోర్టు సాధారణంగా అంగీకరించదు. జవాబు డ్రాఫ్టులోకి ఎక్కాలి, ఎక్కిన డ్రాఫ్టు మళ్లీ లాయరు కంట పడాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో స్లాట్ ఆ తర్వాతే బుక్ చేయండి.