మాండలిక సామగ్రిగా వాట్సాప్ సంభాషణ: ముక్కలైన స్క్రీన్‌షాట్ల క్రమం, సందర్భం

చిత్తూరు ప్రాంత మాండలికాన్ని పరిశీలించేవారు ఇప్పుడు కుటుంబ వాట్సాప్ సంభాషణలనూ భాషాసామగ్రిగా స్వీకరిస్తున్నారు. పొడవైన సంభాషణ ఒకే చిత్రంగా సిద్ధాంతగ్రంథంలో చేరితే అక్షరాలు చదవడానికి వీలుకానంత చిన్నవవుతాయి. అందువల్ల దానిని నాలుగైదు చిత్రాలుగా విడదీయక తప్పదు. చిక్కు ఆ కోత దగ్గరే మొదలవుతుంది.

తిరుపతి గంగమ్మ జాతరకు వెళ్లడం గురించి ఒక కుటుంబం మాట్లాడుకుందని అనుకుందాం. పలమనేరులోని అవ్వను ‘క’గా, తిరుపతిలో చదివే మనుమరాలిని ‘గ’గా గుర్తిద్దాం. అవ్వ వరుసగా రెండు సందేశాలు పంపింది: “నేనూ వస్తాండా”, “మీరు యాడ ఉండారు?” సమూహ సంభాషణలో ఒకరి వరుస సందేశాలలో మొదటిదానిపైనే పేరు కనిపిస్తుంది. ఈ రెండింటి మధ్య కోత పడితే, రెండవ చిత్రం పేరులేని ప్రశ్నతో మొదలవుతుంది. దాని కింద మనుమరాలి పేరు ఉంటుంది. ఆ చిత్రాన్ని విడిగా చూసినవారు ‘ఉండారు’ రూపాన్ని మనుమరాలికి అంటగట్టే ప్రమాదం ఉంది. అప్పుడు తరాల మధ్య భాషాభేదాన్ని గురించిన నిర్ధారణే తారుమారవుతుంది.

కనుక వక్త మారేచోటనే కోయాలి. అది కుదరకపోతే పేరులేని సందేశం పక్కన [క, కొనసాగింపు] అని చేర్చాలి. ప్రతి చిత్రంలోని చివరి రెండు సందేశాలు తరువాతి చిత్రం మొదట మళ్లీ కనిపించాలి. అతుకు సరిపోయిందనడానికి అదే ఆధారం. అయితే పునరుక్తమైనవి పదరూపాల లెక్కలో రెండుసార్లు చేరకూడదు. ఇందుకు చిత్రానికొక వరుసగా కాక, సంభాషణ మొత్తానికి ఒకే వరుసగా సందేశాలకు సంఖ్యలివ్వాలి. అన్నమయ్య సంకీర్తనలు అచ్చు సంపుటాలుగా వచ్చాక కూడా రాగిరేకు సంఖ్యను ఉదహరించడం మానలేదు. ఇక్కడా ‘చిత్రం 2, సందేశం 14’ అనే జంట సూచిక అదే పని చేస్తుంది. నాలుగవ చిత్రంలోని జవాబు మొదటి చిత్రంలోని ప్రశ్నకు చెందినదైతే, వ్యాఖ్యలో ఆ ప్రశ్న సంఖ్యను పేర్కొంటే చాలు.

చిత్రాల క్రమాన్ని ఫైలు పేర్లను బట్టి నిర్ణయించరాదు. చాలామంది కిందినుంచి పైకి జరుపుతూ తీస్తారు. పైగా వాట్సాప్‌లో ఫొటోలుగా పంపినప్పుడు అసలు పేరు పోయి `IMG-20240514-WA0003.jpg` వంటిది వస్తుంది. చివరి అంకె అందిన వరుసనే తెలుపుతుంది. డాక్యుమెంటుగా పంపించుకుంటే అసలు పేరు, స్పష్టత రెండూ నిలుస్తాయి. సందేశాల సమయం మరింత నమ్మదగినదే కాని అందులో సెకన్లు ఉండవు. ఒకే నిమిషంలో అయిదారు సందేశాలు వచ్చినచోట పునరుక్త సందేశాలే దిక్కు. తేదీ ప్రతి తెరపైనా కనిపించదు. అర్ధరాత్రి దాటిన సంభాషణలో ఇది మోసం చేస్తుంది. అందుకే ప్రతి చిత్రం కింద తేదీ, మొదటి, చివరి సందేశాల సమయం రాయాలి.

‘ఇంకా చదవండి’ అని ముడుచుకున్న దీర్ఘసందేశాన్ని విప్పకుండా తీస్తే మాత్రం ఏ సూచికా పనికిరాదు. ఆ పాఠం చిత్రంలోనే లేదు. మళ్లీ ఆ ఫోను ఉన్నవారి దగ్గరకే వెళ్లాలి.