మణికట్టు మీది గడ్డను కొట్టి పగలగొట్టొచ్చా?

చెయ్యి ముందుకు వంచితే మణికట్టు వెనకవైపు, నడిమధ్యకు కాస్త అటూ ఇటూగా, గుండ్రటి గడ్డ ఒకటి పైకి లేస్తుంది. చెయ్యి వెనక్కి వంచితే అణిగిపోతుంది. చర్మం రంగు మారదు, వేడి ఉండదు, నొక్కితే రబ్బరులా ఉంటుంది. ఒక వారం పెద్దదిగా, మరో వారం చిన్నదిగా కనిపించడం దీని అలవాటు. డాక్టర్లు దీన్ని గ్యాంగ్లియన్ సిస్ట్ అంటారు. మణికట్టు మీద కనిపించే మెత్తటి గడ్డల్లో ఇదే చాలా ఎక్కువ. ఇది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు. ఇరవై నుంచి నలభై ఏళ్ల మధ్యవారిలో, అందులోనూ ఆడవాళ్లలో, ఎక్కువగా కనిపిస్తుంది.

ఈ గడ్డ ఎవరికైనా వచ్చిందంటే, "బరువైన పుస్తకంతో ఒక్క దెబ్బ కొడితే పోతుంది" అని చెప్పేవాళ్లు తప్పకుండా ఉంటారు. ఇంగ్లండ్, అమెరికాల్లో ఇంట్లో ఉండే పెద్ద బైబిలుతో కొట్టేవారు కాబట్టి దీనికి అక్కడ బైబిలు గడ్డ అనే పేరు కూడా ఉంది. ఆ దెబ్బకు గడ్డ నిజంగానే మాయమైన సందర్భాలున్నాయి. అందుకే ఆ సలహా ఇంతకాలం బతికింది. అది మంచి సలహా ఎందుకు కాదో తెలియాలంటే, గడ్డ లోపల ఏముందో, అది ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి.

లోపల ఉండేది చీము కాదు, కొవ్వు కాదు. గాజులా తేటగా, గమ్ములా చిక్కగా ఉండే జిగురు. మన కీళ్లలో ఎముకలు రాసుకోకుండా ఉండేందుకు ఒక ద్రవం ఉంటుంది. ఈ జిగురు కూడా ఆ జాతిదే, కానీ దానికంటే చాలా చిక్కన. దాని చుట్టూ గట్టి నారలాంటి పొర సంచిలా ఉంటుంది. ఆ సంచి చర్మం కింద విడిగా కూర్చుని ఉండదు. దాని అడుగు నుంచి సన్నటి కాడ ఒకటి కిందికి దిగి, కీలు దాకా పోతుంది. మణికట్టు వెనకవైపు వచ్చే గడ్డల్లో ఆ కాడ మొదలు సాధారణంగా స్కాఫాయిడ్, లూనేట్ అనే రెండు చిన్న ఎముకలను కలిపి కట్టే లిగమెంట్ దగ్గర ఉంటుంది.

ఆ కాడలో ద్రవం ఒక దిక్కుకే సాగుతుంది. సర్జన్లు కీలులోకి రంగు ద్రవం ఎక్కించి చూస్తే అది గడ్డలోకి చేరింది. గడ్డలోకి ఎక్కిస్తే మాత్రం కీలులోకి రాలేదు. సైకిల్ ట్యూబు వాల్వులా లోపలికి పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. చెయ్యి ఆడించిన కొద్దీ గడ్డ పెరుగుతుంది, విశ్రాంతి ఇస్తే తగ్గుతుంది అని చాలామంది చెప్పేది దీనికి సరిపోతుంది.

ఇప్పుడు దెబ్బ సంగతి. పుస్తకంతో కొట్టినప్పుడు పగిలేది పైసంచి మాత్రమే. జిగురు చుట్టూ ఉన్న కండలోకి పారి, మెల్లగా ఇంకిపోతుంది. గడ్డ పోయినట్టే ఉంటుంది. కాడ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. పగిలిన పొర అతుక్కుంటే, మళ్లీ జిగురు చేరడానికి అడ్డేమీ ఉండదు. పైగా ఈ గడ్డల్లో దాదాపు సగం ఎవరూ ముట్టుకోకపోయినా వాటంతటవే పోతాయి. ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో సర్జన్లు మణికట్టు వెనక గడ్డలున్నవాళ్లను సుమారు ఆరేళ్ల తర్వాత మళ్లీ విచారించి, 2007లో ఫలితాలు ప్రకటించారు. ఏ చికిత్సా చేయించుకోనివాళ్లలో సగం మందికి అటూ ఇటూగా గడ్డ దానంతటదే పోయింది. పుస్తకంతో కొట్టించుకున్నవాళ్లలో కూడా ఇలాంటివాళ్లు ఉంటారు. ఆ పేరు దెబ్బకు దక్కుతుంది.

దెబ్బ తగిలే చోటును గమనిస్తే ప్రమాదం ఇంకా స్పష్టమవుతుంది. కొట్టడానికి చెయ్యిని బల్ల మీద బోర్లించి, మణికట్టు వంచి పెడతారు. గడ్డ పక్కన వేళ్లను పైకెత్తే టెండన్లు, చర్మం కిందే సాగే నరం కొమ్మలు ఉంటాయి. అడుగున చిన్న ఎముకలు, వాటిని పట్టి ఉంచే ఆ లిగమెంటే ఉంటుంది. గడ్డకు తగలాల్సిన బలం వాటికీ తగులుతుంది. ఎముక చిట్లవచ్చు. లిగమెంట్ తెగి పట్టించుకోకుండా వదిలేస్తే ఎముకలు క్రమంగా ఎడమై, ఏళ్ల తర్వాత కీలు అరిగిపోతుంది. హాని చేయని గడ్డ కోసం కీలునే పణంగా పెట్టడం ఇది.

అసలు ఆ గడ్డ గ్యాంగ్లియనేనా అన్నది మరో ప్రశ్న. రాయిలా కదలకుండా ఉంటే అది ఎముక పెరుగుదల కావచ్చు. వేళ్లు ఆడించినప్పుడు వాటితోపాటు కదిలే పొడవాటి వాపు టెండన్ పొరది కావచ్చు. అరచేతి వైపు, మణికట్టుకు పైనా కిందా రెండు ఉబ్బులుగా కనిపించే వాపుకు మన దేశంలో టీబీ కూడా కారణమవుతుంది. బొటనవేలి మొదట్లో, నాడి చూసే చోట వచ్చే గడ్డ గ్యాంగ్లియనే అయినా, దాన్ని ఆనుకుని రక్తనాళం పోతుంది. అక్కడ దెబ్బ కాదు, సూదీ తేలిక కాదు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇరవై నాలుగేళ్ల అమ్మాయికి కుడి మణికట్టు వెనక బఠాణీ గింజంత గడ్డ. ఆరు నెలల్లో ద్రాక్షపండంత అయింది. అరచెయ్యి నేలకు ఆనించి లేచేటప్పుడు నొప్పి. డాక్టర్ మొదట చెయ్యి ముందుకూ వెనక్కీ వంచి చూస్తారు. తర్వాత గదిలో లైటు ఆర్పి, టార్చి వెలుగును గడ్డకు ఆనిస్తారు. లోపల ద్రవమే ఉంటే గడ్డ ఎర్రగా వెలుగుతుంది. చాలా చిన్న గడ్డ వెలగకపోవచ్చు, కాబట్టి అనుమానం ఉంటే అల్ట్రాసౌండ్ చేస్తారు. దెబ్బ తగిలి ఉంటేనో, గట్టిగా ఉంటేనో ఎక్స్-రే తీస్తారు.

నొప్పి పెద్దగా లేకపోతే ఆమెకు దొరికే సలహా ఇది: కొన్నాళ్లు చూడండి, నొప్పి ఎక్కువైన రోజుల్లో మణికట్టు పట్టీ వేసుకోండి, బరువు ఆనించే పనులు తగ్గించండి. నొప్పి పనికి అడ్డొస్తే లావుపాటి సూదితో జిగురు తీస్తారు. సన్న సూదిలోంచి అది రాదు. అయితే కాడ అక్కడే ఉంటుంది కాబట్టి సగానికి పైగా గడ్డలు తిరిగొస్తాయి. పైన చెప్పిన లెస్టర్ లెక్కలో సూదితో తీసినవాటిలో 58 శాతం తిరిగొచ్చాయి. ఆపరేషన్‌లో కాడను, అది పుట్టిన చోట కీలు పొరలో చిన్న ముక్కను కలిపి తీస్తారు. అప్పుడూ అదే లెక్కలో 39 శాతం తిరిగొచ్చాయి. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు మణికట్టు బిగుసుకుని ఉంటుంది, మచ్చ మిగులుతుంది. అందుకే చూడ్డానికి బాగోలేదన్న కారణం ఒక్కదానితో ఎవరినీ తొందరపెట్టరు. ఇంట్లో సూదితో గుచ్చడం అంతకంటే చెడ్డ పని. గుచ్చిన దారిలోంచి క్రిములు లోపలికి, కీలు దాకా కూడా చేరవచ్చు.

ఇప్పటికే ఎవరైనా కొట్టి ఉంటే ఈ సంగతులు చూసుకోండి. వాపు రెండు మూడు రోజుల్లో తగ్గకపోయినా, బొటనవేలి మొదట్లోని గుంటలో నొక్కితే నొప్పి ఉన్నా, పిడికిలి బిగించే బలం తగ్గినా, వేలు పూర్తిగా పైకి లేవకపోయినా ఎముకల డాక్టర్‌కు చూపించి ఎక్స్-రే తీయించుకోండి. దెబ్బ తగిలిన సంగతి దాచకుండా చెప్పండి. గడ్డ పోయినా పోకపోయినా, అప్పుడు చూడాల్సింది దాని అడుగున ఉన్న కీలు.