పాతిక గళ్ళ పలక

కంటిచూపుతో కంప్యూటర్ నడిపే యంత్రాల మీద ముఖచిత్ర కథనం కావాలనీ, పల్నాడు పాఠకులకు పనికొచ్చేలా ఉండాలనీ, గురువారం సాయంత్రానికి పేజీ వెళ్ళిపోవాలనీ ఎడిటర్‌ గారి మాట. ఆయన మనసులో ఉన్నది తెర ముందు మెరిసే కళ్ళ బొమ్మ. నాకు మాత్రం ఆ యంత్రాల మీద మొదటి నుంచీ కాస్త అనుమానమే. మంచి ఐ ట్రాకర్ కొనాలంటే లక్ష రూపాయలు దాటుతుంది, అది చెడిపోతే బాగుచేసేవాడు మాచర్లలో దొరకడు. పనికిరావని కాదు. యంత్రం కొనకముందే తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. తెర మీద తెలుగు అక్షరాలు ఏ వరుసలో ఉండాలి?

కాళ్ళూ చేతులూ మాటా పడిపోయి, ఒక్క వేలో, చెంపో, కనుబొమ్మో మాత్రమే కదిలే మనిషికి ఒక స్విచ్ చాలు. తెర మీద అక్షరాల పట్టిక ఉంటుంది. మొదటి వరుస వెలుగుతుంది, తర్వాత రెండోది, మూడోది. కావాల్సిన వరుస వెలిగినప్పుడు నొక్కితే, ఇక ఆ వరుసలోని గళ్ళు ఒక్కొక్కటే వెలుగుతాయి. కావాల్సిన గడి దగ్గర మళ్ళీ నొక్కాలి. దీన్ని స్కానింగ్ అంటారు. అంటే ఒక అక్షరానికి పట్టే అడుగులు, దాని వరుస సంఖ్యా గడి సంఖ్యా కలిపినన్ని.

ఇప్పుడు మన పెద్దబాలశిక్ష వరుసనే పెట్టామనుకోండి. వరుసకు అయిదు చొప్పున అచ్చులు మూడు వరుసలు, క నుంచి క్ష దాకా ఏడు వరుసలు, మొత్తం పది. గురజాల పక్క ఒక ఇంట్లో పెద్దాయనకు దాహం వేసింది, ‘నీళ్ళు’ అనాలి. న ఏడో వరుసలో అయిదో గడి, 12 అడుగులు. ‘ఈ’ 5 అడుగులు. ళ పదో వరుసలో నాలుగోది, 14. రెండుసార్లు కావాలి కాబట్టి 28. ఉ 6. మొత్తం 51 అడుగులు.

ఒక్కో అడుగు ఎంతసేపు వెలగాలి? దీనికి రిచర్డ్ సింప్సన్, హైడీ కోస్టర్ బృందం తేల్చిన లెక్క ఒకటుంది. మనిషి ‘నొక్కు’ అనగానే నొక్కడానికి సగటున ఎంత సమయం పడుతుందో చూసి, దాన్ని 0.65తో భాగించాలి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి ఓ పదిసార్లు చూస్తే సగటు వచ్చేస్తుంది. పెద్దాయనకు ఒక సెకను పట్టిందనుకుంటే అడుగుకు సుమారు ఒకటిన్నర సెకన్లు పెట్టాలి. ఆ లెక్కన గుక్కెడు నీళ్ళు అడగడానికి 76 సెకన్లకు పైనే. వరుస ఒకటి తప్పితే మళ్ళీ పదీ తిరిగొచ్చేదాకా ఎదురుచూడాలి.

పట్టిక మార్చి చూద్దాం. ఎదుట కూర్చున్నది ఇంటి మనిషే, సగం మాటకే అర్థం చేసుకుంటుంది. అందుకని ఖ, ఘ, ధ, భ లాంటి ఒత్తక్షరాలన్నీ తీసేయొచ్చు. ణ బదులు న, ళ బదులు ల, శ, ష లకు బదులు స. ఇ, ఈ ఒకటే, ఉ, ఊ ఒకటే, ఎ, ఏ ఒకటే, ఒ, ఓ ఒకటే. ‘ఆ’ మాత్రం విడిగా ఉండాలి, లేకపోతే పాలూ పళ్ళూ కలిసిపోతాయి. ఐ, ఔ లను అయ్, అవ్ అని చెప్పుకోవచ్చు. ఋ, ఙ, ఞ, క్ష, విసర్గ లేకపోయినా పని నడుస్తుంది. ఇలా వడపోస్తే సరిగ్గా 25 మిగిలాయి. వాటిలో ఎక్కువగా వాడేవి పై ఎడమ మూలకు చేరాలి, అరుదుగా వచ్చేవి కింద కుడి మూలకు పోవాలి. నేను వేసుకున్నది ఇదీ:

ఇ ఉ ఆ క ం
న ల త మ గ
ర డ ప స య
వ ద చ ఒ బ
ఎ ట అ జ హ

దీని మీద ‘నీళ్ళు’ అంటే న 3, ఇ 2, ల 4, ఉ 3. మొత్తం 12 అడుగులు, 18 సెకన్లు. ‘నిలు’ అని వస్తుంది, మంచం పక్కనున్న కోడలు గ్లాసు అందుకుంటుంది. చిక్కులు లేకపోలేదు. క, ల, ఉ అంటే కళ్ళు మండుతున్నాయో, కల్లు అడుగుతున్నాడో అప్పటి సందర్భం చెప్పాలి. కాలా కాళ్ళా అన్నచోట ల రెండుసార్లు నొక్కితే సరి. అక్షరాల అమరిక నా అంచనాయే; ఒక్కో ఇంటి మాటల్ని బట్టి గళ్ళు అటూ ఇటూ మార్చుకోవాలి.

ఇది నరసరావుపేటలో ఓ జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి అట్టకు అంటించాను. కరెంటు అక్కర్లేదు. ఇంటి మనిషి వేలితో వరుసలు చూపిస్తూ పోతుంది, రోగి కళ్ళు పైకెత్తితే ‘అవును’. రెప్ప వేయడాన్ని అవునుగా పెట్టుకోకూడదు, రెప్ప ఎటూ దానంతటదే పడుతుంటుంది. మా ఆఫీసులో ఒకాయన మాట్లాడకుండా కూర్చుని టీ అడిగాడు. నా వేలు తొందరపడి వరుస దాటిపోయింది. అదీ చూసుకోవాల్సిన సంగతే. రోగి ప్రతిసారీ వరుస దాటాకే ‘అవును’ అంటుంటే మన వేగం ఎక్కువైనట్టు. ఒకసారి ముందు, ఒకసారి వెనక అంటుంటే వేగం కాదు, స్విచ్ ఉంటే అది పెట్టిన చోటో, పడుకోబెట్టిన తీరో తప్పు.

ఇక కంటి యంత్రం. దానిలో ఇన్‌ఫ్రారెడ్ దీపాలుంటాయి. ఆ వెలుగు నల్లగుడ్డు మీద చుక్కలా మెరుస్తుంది. ఆ చుక్కకూ కనుపాపకూ మధ్య దూరాన్నీ దిక్కునూ కెమెరా కొలిచి, చూపు తెర మీద ఎక్కడుందో లెక్కగడుతుంది. ముందుగా తెర మీద చుక్కల్ని చూపించి దాన్ని సరిచేయాలి. స్కానింగ్ కోసం ఆగే పని లేదు, గడి మీద చూపు కాసేపు నిలిపితే అదే నొక్కినట్టు. ఆ ‘కాసేపు’ మరీ తక్కువైతే చూపు భస్మాసుర హస్తమే, చూసిందల్లా నొక్కుకుపోతుంది. 60 సెంటీమీటర్ల దూరంలో ఒక డిగ్రీ తేడా వస్తే తెర మీద సెంటీమీటరు పక్కకు పోతుంది. తల నిలవని వాళ్ళకు ఇంకా ఎక్కువ. యాభై అరవై గళ్ళ తెలుగు కీబోర్డు మీద అది పక్క అక్షరమే. పాతిక గళ్ళైతే మామూలు ల్యాప్‌టాప్ మీద కూడా ఒక్కో గడి ఆరేడు సెంటీమీటర్ల వెడల్పు వస్తుంది. అట్ట మీద కుదిరిన పట్టికే లక్ష రూపాయల యంత్రం మీదా కుదురుతుంది.

మోటార్ న్యూరాన్ వ్యాధిలో కంటి కండరాలు చాలాకాలం నిలుస్తాయి కాబట్టి వాళ్ళకు యంత్రం నప్పుతుంది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల సంగతి వేరు. చెన్నై విద్యాసాగర్ విద్యార్థులతో బెంగళూరు ఐఐఎస్‌సీలో ప్రదీప్త బిశ్వాస్ బృందం పనిచేసినప్పుడు, వాళ్ళ చూపు ఒకచోట నిలవడానికి ఎక్కువసేపు పట్టడం కనిపించింది.

చరిత్ర రెండు ముక్కల్లో. 1960ల్లో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో రెగ్ మేలింగ్, గొట్టంలోకి ఊదీ పీల్చీ నడిపే పాసమ్ యంత్రం చేశాడు. స్టీఫెన్ హాకింగ్ ముందు చేతి స్విచ్‌తో, చివర్లో చెంప కదలికతో మాట్లాడాడు. ఆయన కోసం చేసిన అక్యాట్ సాఫ్ట్‌వేర్‌ను ఇంటెల్ 2015లో అందరికీ ఉచితంగా ఇచ్చింది. 2017లో విండోస్‌లోకి, 2024లో ఐఫోన్‌లోకి కంటిచూపు నియంత్రణ వచ్చింది.

ఫోన్‌లోనే స్విచ్

ఆండ్రాయిడ్ 12, ఆపై ఫోన్లలో సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, స్విచ్ యాక్సెస్ తెరిస్తే ‘కెమెరా స్విచ్’ కనిపిస్తుంది. లేకపోతే ఆండ్రాయిడ్ యాక్సెసిబిలిటీ సూట్ యాప్ వేసుకోవాలి. నోరు తెరవడం, నవ్వడం, కనుబొమ్మలెత్తడం, ఎడమకో కుడికో పైకో చూడడం, ఈ ఆరింటిలో ఏదైనా స్విచ్‌గా పెట్టుకోవచ్చు. ఫోన్ కదలకుండా స్టాండులో ఉండాలి, ముఖం మీద వెలుతురు పడాలి.

రెంటచింతల ఎండ

ఎండలో ఇన్‌ఫ్రారెడ్ దండిగా ఉంటుంది. వేసవిలో రెంటచింతల వైపు వరండాలో మంచం వేసి ఐ ట్రాకర్ పెడితే, కెమెరాకు తన దీపాల మెరుపు దొరకదు. పొద్దున బాగా పనిచేసి మధ్యాహ్నం తెర మీద గుర్తు ఎగిరెగిరి పడుతుంటే, మళ్ళీ చుక్కలు చూపించే ముందు కిటికీ మూసి చూడండి. గుర్తు నిలిస్తే తప్పు ఎండది. నిలవకపోతే కళ్ళజోడు మీద మెరుపో, రెప్ప సగం వాలడమో, మనిషి జారి కూర్చోవడమో వెతకాలి.