లేత్ మిషన్ తరుగుదల, ఏటి లాభం

విజయవాడ ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాప్ 6 లక్షలకు లేత్ మిషన్ కొన్నదనుకుందాం. పదేళ్లు పనిచేసి, చివరికి పాత ఇనుము కింద 60 వేలు వస్తుందని అంచనా. మిగతా 5,40,000ను పదేళ్లకు సమానంగా పంచితే తరుగుదల ఏటా 54,000. ఇది సరళరేఖా పద్ధతి. తరుగుదల తీయకముందు లాభం ఏటా 3 లక్షలైతే, నికరంగా మిగిలేది ప్రతి ఏడూ 2,46,000.

తగ్గుతున్న నిల్వల పద్ధతిలో, మిగిలిన విలువ మీద 15 శాతం తీస్తారు. మొదటి ఏడు 90,000, రెండో ఏడు 76,500, అయిదో ఏటికి సుమారు 46,980. లాభం మొదట 2,10,000కు పడి, అయిదో ఏట 2,53,000 దాటుతుంది. వ్యాపారం మాత్రం ఏమీ మారలేదు! మిషన్ పాతబడేకొద్దీ రిపేర్లు పెరుగుతాయి కాబట్టి ఈ పద్ధతే వర్క్‌షాప్‌కు నప్పుతుందని నా అభిప్రాయం.

ఒక చిక్కుంది. 15 శాతంతో పదేళ్ల తర్వాత కూడా పుస్తకాల్లో 1,18,000 మిగులుతుంది. 60 వేలకే అమ్మితే ఆ తేడా అంతా ఆ ఏటి నష్టమే. అది తప్పాలంటే రేటు 20.6 శాతం దగ్గర ఉండాలి.

ఆదాయపు పన్ను లెక్కకు మాత్రం మామూలు యంత్రాలకు 15 శాతమే. కొన్న ఏడాది 180 రోజులకన్నా తక్కువ వాడితే అందులో సగమే ఇస్తారు. కాబట్టి బిల్లుతో పాటు మిషన్ పని మొదలుపెట్టిన తేదీనీ రాసి ఉంచుకోండి.