మీకు తెలుసా? పాలకూర పప్పు రంగు ఎక్కడ పోతుందో!

కోకాపేటలో ఆఫీసు హడావిడి ఉన్న ఇళ్లలో కందిపప్పు, పాలకూర, చింతపండు ఒకేసారి కుక్కర్‌లో పడతాయి. మూత తీసేసరికి ఆకు ఖాకీ రంగుకు తిరిగి ఉంటుంది.

ఆకులోని పత్రహరితం అణువు నడుమ ఒక మెగ్నీషియం పరమాణువు ఉంటుంది. వేడికి ఆకు కణాలు చిట్లి, లోపలి ఆమ్లాలు బయటికొచ్చి ఆ మెగ్నీషియంను తప్పిస్తాయి. దాని చోట హైడ్రోజన్ చేరగానే పచ్చదనం మాసిపోతుంది. మూత పెడితే, ఆవిరితో పోవాల్సిన ఆమ్లాలు కొన్ని మళ్లీ గిన్నెలోకే జారతాయి. పైగా చింతపండు!

అందుకే పప్పు ఒక్కటే కుక్కర్‌లో ఉడికించండి. తరిగిన పాలకూరను వెడల్పాటి బాణలిలో, మూత లేకుండా, పెద్ద మంట మీద రెండు మూడు నిమిషాలు మగ్గించండి. మొదటి నిమిషంలో కణాల మధ్య గాలి బయటికి పోయి ఆకు మరింత పచ్చగా మెరుస్తుంది. ఆ మెరుపు తగ్గకముందే పప్పులో కలపాలి. ఐదారు నిమిషాలు దాటితే మసకబారడం మొదలవుతుంది. చింతపండు రసాన్ని విడిగా మరిగించి, దించేటప్పుడే పోయండి. అయినా మధ్యాహ్నం లంచ్‌బాక్సు తెరిచేసరికి రంగు కొంత తగ్గుతుంది, పులుపు తన పని చేస్తూనే ఉంటుంది కదా.

చిటికెడు వంటసోడా వేస్తే రంగు నిలుస్తుంది కానీ ఆకు మెత్తగా చితికిపోతుంది, సి విటమిన్ కూడా నశిస్తుంది. నాకైతే ఆ బేరం నచ్చదు.

గోంగూర మీద మాత్రం ఈ చిట్కాలేవీ పనిచేయవు. పులుపు దాని ఆకులోనే ఉంది.