నాలుగూ ఇరవై సరిపోతే చాలదు

కొత్తగా కట్టిన ప్లాంటులో మొదటిసారి నీళ్లో ఆవిరో పారించే ముందు, తెర మీద కనిపించే ప్రతి అంకె నిజమేనా అని ఒక్కొక్కటిగా తేల్చుకుంటారు. ఈ పనినే లూప్ చెకింగ్ అంటారు. పైపు దగ్గర ట్రాన్స్‌మిటర్ నుంచి బయల్దేరిన రెండు తీగలు జంక్షన్ బాక్సులో మిగతా జతలతో కలిసి లావుపాటి కేబుల్ ఎక్కుతాయి. మార్షలింగ్ క్యాబినెట్‌లో మళ్లీ విడిపోయి కంట్రోల్ సిస్టమ్ కార్డుకు చేరతాయి. వాటిలో నడిచేది 4 నుంచి 20 మిల్లీఆంప్స్ కరెంటు. కొలత సున్నా అయితే 4, నిండుగా ఉంటే 20. సున్నాకి సున్నానే పంపొచ్చు కదా అంటే, అప్పుడు తెగిన తీగకూ పారని పైపుకూ తేడా తెలియదు.

ఈ పనికి ఇద్దరు కావాలి. ఒకరు ట్రాన్స్‌మిటర్ దగ్గర, ఒకరు తెర ముందు, మధ్యలో వాకీటాకీ. చెక్ చేయడానికి దగ్గరి దారి, ట్రాన్స్‌మిటర్ తీగలు విప్పి వాటి చివర చేతి సైజు సిమ్యులేటర్ తగిలించడం. "అన్నా, 12 పెట్టాను, ఎంత చూపిస్తోంది?" "50 శాతం, ఓకే తమ్ముడూ." తీగలు తారుమారైనా, పక్క ట్రాన్స్‌మిటర్ జత ఈ ట్యాగ్‌కి వచ్చినా ఇక్కడే దొరికిపోతాయి. కానీ ట్రాన్స్‌మిటర్‌ని పక్కన పెట్టి చేసిన పరీక్ష ట్రాన్స్‌మిటర్ గురించి ఏమీ చెప్పదు. సిగ్నల్ ఎక్కడ పెడితే అక్కడి నుంచి తెర వైపు ఉన్నదానికే హామీ.

దీని వల్ల జారిపోయే తప్పుల్లో నాకు అన్నిటికన్నా దొంగగా కనిపించేది ప్రవాహం కొలతలో ఉంది. బాయిలర్‌కి నీళ్లు పంపే పంపు తీసుకుందాం. పైపులో నడుమ రంధ్రమున్న ఆరిఫిస్ ప్లేటు ఉంటుంది. దాని ముందూ వెనకా పీడనంలో తేడాను ట్రాన్స్‌మిటర్ కొలుస్తుంది. ప్రవాహం రెట్టింపైతే ఆ తేడా నాలుగు రెట్లవుతుంది. అంటే పీడనం తేడాకి వర్గమూలం తీస్తేనే ప్రవాహం తెలుస్తుంది. ఆ వర్గమూలం ట్రాన్స్‌మిటరైనా తీయాలి, కంట్రోల్ సిస్టమైనా తీయాలి. ట్రాన్స్‌మిటర్ సెట్ చేసిన వాళ్లు ఒకరు, సిస్టమ్ ప్రోగ్రాం రాసిన వాళ్లు ఇంకొకరు. ఎవరికి వారు అది తమ పనే అనుకుంటే రెండుసార్లు తీసేస్తారు.

గంటకు 100 టన్నుల ప్రవాహానికి పీడనం తేడా 2500 మిల్లీమీటర్ల నీటి మట్టమంత అనుకుందాం. సున్నా దగ్గర ఎన్నిసార్లు వర్గమూలం తీసినా సున్నానే. నిండు దగ్గర ఒకటికి వర్గమూలం ఒకటే. అందుకే 4, 20 రెండు చోట్ల మాత్రమే చూస్తే అంతా సరిగ్గానే ఉంటుంది. సిమ్యులేటర్‌తో 12 పెడితే తెర 70.7 టన్నులు చూపిస్తుంది. సిస్టమ్ వర్గమూలం తీస్తుందని షీటులో ముందే రాసి ఉంటే అదీ సరైన జవాబే. సంతకం పడిపోతుంది. హార్ట్ కమ్యూనికేటర్‌తో ట్రాన్స్‌మిటర్ చేతే 12 ఇప్పించినా అదే కథ, ఎందుకంటే ఆ ఆజ్ఞ కొలతనీ లెక్కనీ దాటేసి నేరుగా కరెంటునే పట్టుకుంటుంది.

బయటపడాలంటే పీడనమే పెట్టాలి. మ్యానిఫోల్డ్ దగ్గర పైపు వైపు వాల్వులు మూసి, హై సైడుకి చేతి పంపు తగిలించి, లో సైడు గాలికి వదిలేసి 625 మిల్లీమీటర్లు ఇస్తారు. అది పావు వంతు, కాబట్టి ప్రవాహం సగం, తెర 50 చూపాలి. 70.7 వచ్చిందంటే రెండుసార్లు తీసినట్టు. ఈసారి తీగల మధ్యలో మీటరు పెట్టి చూస్తే ట్రాన్స్‌మిటర్ నుంచి 8 రావాల్సిన చోట 12 వస్తుంటుంది.

ఇరవై టన్నుల తేడాయే కదా అనుకోవచ్చు. కానీ ఈ తప్పు తక్కువ ప్రవాహం దగ్గరే బాగా ముదురుతుంది. ప్రవాహం 30 టన్నులకు పడితే పంపును కాపాడే రీసర్క్యులేషన్ వాల్వు తెరుచుకోవాలని పెట్టారనుకోండి. నిజంగా 30 ఉన్నప్పుడు తెర దాదాపు 55 అంటుంది. అది 30 చూపేసరికి పైపులో మిగిలేది 9 టన్నులే. అంత తక్కువ నీటితో తిరిగే పంపు లోపల నీళ్లు వేడెక్కి ఆవిరవుతాయి, ఇంపెల్లరు దెబ్బతింటుంది. ఆపరేటరుకి మాత్రం అలారం కూడా మోగదు.

వర్గమూలం ఎక్కడ ఉంచాలన్నది ప్రాజెక్టును బట్టి ఉంటుంది. రెండు పద్ధతులూ వాడుకలో ఉన్నాయి. ఈ ఉదాహరణలో షీటు ప్రకారం అది సిస్టమ్‌ది కాబట్టి ట్రాన్స్‌మిటర్‌ని లీనియర్‌గా మారుస్తారు. మార్చాక 625 ఒక్కటే చూసి వదిలేయకూడదు. 0, 25, 50, 75, 100 శాతం పీడనాలు ఎక్కుతూ, దిగుతూ మళ్లీ ఇవ్వాలి. తెర 0, 50, 70.7, 86.6, 100 అనాలి. ఆఖర్న చేతి పంపు తీసి, విప్పిన తీగలు బిగించి, మ్యానిఫోల్డ్ వాల్వులు యథాస్థితికి తేవాలి. ఈక్వలైజింగ్ వాల్వు తెరిచే మర్చిపోతే, రేపు పంపు నడుస్తున్నా తెర సున్నా దగ్గరే ఉంటుంది, లూప్ షీటు మీద మాత్రం ఓకే అని ఉంటుంది.